ఫీచర్లు పెరిగితే కేఎన్ఎన్ ఎందుకు దెబ్బతింటుంది? ఒక క్యూబ్‌లో చూద్దాం

అందరికీ హాయ్. నిన్నటి సెషన్‌లో టైమ్ అయిపోయి ఒక మంచి ప్రశ్న ఆగిపోయింది: కొత్త పాయింట్‌కి దగ్గరున్న k పాయింట్ల లేబుల్స్ చూసి జవాబు చెప్పే కేఎన్ఎన్, 8 ఫీచర్లతో బాగానే పనిచేసింది, దానికే 60 ఫీచర్లు ఇస్తే యాక్యురసీ ఎందుకు పడిపోయింది? దీన్నే కర్స్ ఆఫ్ డైమెన్షనాలిటీ అంటారు. 1950ల్లో రిచర్డ్ బెల్మన్ పెట్టిన పేరు. నిర్వచనం బట్టీ పట్టకండి, కాలిక్యులేటర్ తీసి నాతోపాటు లెక్క వేయండి.

ప్రతి ఫీచర్‌నీ 0 నుంచి 1 మధ్యకి స్కేల్ చేశాం అనుకోండి. అప్పుడు డేటా అంతా భుజం 1 ఉన్న క్యూబ్‌లో ఉంటుంది. అందులో 1000 పాయింట్లు సమంగా చల్లాం, k = 10. అంటే మనకి కావలసిన దగ్గరి పది పాయింట్లు డేటాలో 1 శాతం. ఆ 1 శాతం పట్టే చిన్న క్యూబ్ భుజం ఎంత ఉండాలి? ఫీచర్ల సంఖ్య d అనుకుంటే, ఘనపరిమాణం 0.01 కావాలి కాబట్టి భుజం `0.01 ** (1/d)`.

d = 2 అయితే 0.1. d = 3 అయితే 0.215. d = 8 అయితే 0.56. d = 60 అయితే 0.926!

చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. పది మంది "పొరుగువాళ్ల" కోసం ప్రతి ఫీచర్‌లోనూ దాదాపు 93 శాతం రేంజ్ వెతకాల్సి వస్తోంది. అంత దూరం నుంచి తెచ్చిన పాయింట్ల లేబుల్స్‌ని సగటు చేస్తే, అది దాదాపు మొత్తం డేటా సగటే. కేఎన్ఎన్‌కి ఉన్న బలమే లోకల్‌గా చూడటం, అదే పోయింది.

డేటా పెంచితే సరిపోదా అంటారా? భుజం 0.1 దాటకూడదంటే d = 2కి 1000 పాయింట్లు చాలు. d = 3కి 10,000. d = 8కే 100 కోట్లు.

ఇప్పుడు అదే క్యూబ్‌కి తొక్క తీద్దాం. ప్రతి వైపు నుంచి 0.05 మందాన తీసేస్తే లోపలి గుజ్జు భుజం 0.9, ఘనపరిమాణం `0.9 ** d`. d = 3లో 73 శాతం గుజ్జే. d = 60లో 0.18 శాతం. 1000 పాయింట్లలో లోపల మిగిలేవి సుమారు రెండు, మిగతావన్నీ తొక్కలోనే. ఇక్కడ చాలామంది పొరపడతారు: పాయింట్లు అంచులకి జరగలేదు. ఏ ఒక్క ఫీచర్ హిస్టోగ్రామ్ తీసినా సమంగానే ఉంటుంది. 60 విలువలూ ఒకేసారి మధ్యలో ఉండే అవకాశమే దాదాపు లేదు, అంతే. అందుకే కొత్త పాయింట్ ఏది వచ్చినా ఏదో ఒక ఫీచర్‌లో అది అంచు దగ్గరే ఉంటుంది.

దూరాల సంగతి ఇంకా ముఖ్యం. ఈ క్యూబ్‌లో యాదృచ్ఛికంగా రెండు పాయింట్లు తీస్తే వాటి మధ్య దూరం సగటున సుమారు `sqrt(d/6)`. d = 60కి 3.16. కానీ స్టాండర్డ్ డీవియేషన్ d ఎంత పెరిగినా 0.24 దగ్గరే ఉండిపోతుంది. సగటు పెరుగుతోంది, తేడా పెరగట్లేదు. కాబట్టి దగ్గరిదీ దూరందీ ఒకేలా కనిపిస్తాయి. ఇది రన్ చేయండి:

```python
import numpy as np
rng = np.random.default_rng(0)
for d in (2, 10, 100, 1000):
    X = rng.random((1000, d))
    r = np.linalg.norm(X[1:] - X[0], axis=1)
    print(d, r.max() / r.min())
```

d = 1000 దగ్గర ఆ నిష్పత్తి 1కి కాస్త పైన, అంతే.

మరి 8 ఫీచర్లకే భుజం 0.56 కదా, అది ఎలా పనిచేసింది? ఎందుకంటే అసలు డేటా క్యూబ్ నిండా సమంగా ఉండదు. ఫీచర్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి పాయింట్లు రెండు మూడు దిశల్లోనే పరుచుకుంటాయి. లెక్కకి వచ్చేది కాలమ్‌ల సంఖ్య కాదు, ఆ అసలు దిశల సంఖ్య. 784 పిక్సెల్స్ ఉన్న చేతిరాత అంకెల మీద కేఎన్ఎన్ చక్కగా పనిచేయడానికి కారణం ఇదే. మనం కొత్తగా చేర్చిన 52 ఫీచర్లు లేబుల్‌తో సంబంధం లేనివైతే మాత్రం, ఒకే స్కేల్‌లో ఉన్నప్పుడు దూరం వర్గంలో పాత ఎనిమిదింటి వాటా 8/60, అంటే 13 శాతమే. మిగతాదంతా నాయిస్.

రేపటి ల్యాబ్‌లో మొదట స్కేల్ చేయండి, తర్వాత పనికిరాని ఫీచర్లు తీసేయండి, అవసరమైతే వేరియన్స్ ఎక్కువున్న కొన్ని దిశల్నే ఉంచే పీసీఏ వాడండి. పీసీఏ లేబుల్‌ని చూడదు, వేరియన్స్ తక్కువున్న మంచి దిశని కూడా పారేయగలదు. అందుకే ఎన్ని కాంపొనెంట్లు ఉంచాలో క్రాస్ వాలిడేషన్‌తో తేల్చండి. ఒక్కటి మాత్రం తప్పనిసరి: లేబుల్ చూసి ఫీచర్లు ఎంచే పని మొత్తం డేటా మీద ముందే చేసేసి, తర్వాత ఫోల్డ్స్‌గా విడగొట్టకండి. టెస్ట్ ఫోల్డ్ జవాబులు లీకై, ఉత్త నాయిస్ మీద కూడా యాక్యురసీ బాగున్నట్టు కనిపిస్తుంది. అన్ని స్టెప్పులూ `Pipeline`లో పెట్టి దాన్నే `cross_val_score`కి ఇవ్వండి.

కోడ్‌లో d = 10, 100కి వచ్చిన నిష్పత్తులు ఇక్కడే రిప్లై పెట్టండి, రేపు వాటితోనే మొదలుపెడదాం.