పస్రా దుకాణం, వరంగల్ బీట్ బజార్ హోల్‌సేల్: మేడారం జాతర సరుకు ఆర్డర్ చాట్

19 జనవరి 2026, సోమవారం

సా. 6:12 – స్వరూప: అన్నా నమస్తే, పస్రా నుంచి స్వరూపను. జాతర సరుకు కావాలి

6:12 – స్వరూప: బెల్లం 40. పోయినసారి లెక్కనే

6:13 – స్వరూప: మిగతాది చీటీలో ఉంది, ఫోటో పెడుతున్నా

6:14 – స్వరూప: (ఫోటో)

6:15 – స్వరూప: (వాయిస్ మెసేజ్, 0:52)

6:41 – రమేష్ సేటు: నమస్తే చెల్లె. వాయిస్‌లో బస్సు హారన్ తప్ప ఏం వినపడలేదు. చీటీ మడత మీద కొబ్బరికాయలు 1 అని ఉందా, 7 అని ఉందా?

6:42 – రమేష్ సేటు: బెల్లం 40 దిమ్మలు రాసుకున్నా. కిలో 47

6:50 – స్వరూప: అయ్యో దిమ్మలు కాదన్నా, 40 బస్తాలు!!

6:50 – స్వరూప: కొబ్బరికాయలు 7 బస్తాలు. మా పిల్లగాడు రాసిండు, వాడి 7 కి టోపీ ఉండదు

6:53 – రమేష్ సేటు: దిమ్మ అంటే 10 కిలోలు, బస్తాలో మూడు దిమ్మలు. నువ్వు 40 అంటే నేను 400 కిలోలు అనుకున్నా, నువ్వేమో 1,200 అడుగుతున్నావు. మొన్న సంక్రాంతికి తీసుకున్నది 5 బస్తాలే కదా, పోయినసారి అంటే ఏది?

6:55 – స్వరూప: పోయిన జాతర అన్నా, 2024 ది. అప్పుడు 35 బస్తాలు తీసుకుంటే శుక్రవారం పొద్దుగాలకే అయిపోయాయి. నిలువెత్తు బంగారం తూగేవాళ్ళు వచ్చి వెనక్కి పోయారు. అందుకే ఈసారి 40

6:57 – రమేష్ సేటు: సరే, 1,200 కిలోలు. ఇగ నుంచి బెల్లం కిలోల్లోనే చెప్పు, బస్తా లెక్క వద్దు. ఒక్కో ఊరి నుంచి ఒక్కో తూకం వస్తుంది

6:58 – స్వరూప: 47 ఎక్కువ. హనుమకొండలో 45 అంటున్నారు

7:04 – రమేష్ సేటు: 45 ది తడి సరుకు చెల్లె. నాలుగు రోజులు పెడితే బస్తా అడుగున పాకం కారుతుంది. నాది గట్టి దిమ్మ, తెల్లగా ఉంటుంది. 46 కు ఇస్తా, ఇంక అడగకు

7:05 – స్వరూప: సరే 46. 1 కిలో అచ్చులు కూడా 10 పెట్టెలు. పిల్లలకు మొక్కుకున్నవాళ్ళు అవే అడుగుతారు

7:07 – రమేష్ సేటు: పెట్టెకు 20 అచ్చులు, కిలో 50. మొత్తం 200 కిలోలు

7:08 – రమేష్ సేటు: ఒక మాట. ఇంత బెల్లం బిల్లు లేకుండా బండి ఎక్కించను. పోయిన జాతరకు కొనేవాళ్ళ ఆధార్, ఫోన్ నంబర్ రాసుకోమన్నారు గుర్తుందా? నీ ఆధార్ కాపీ, దుకాణం లైసెన్స్ కాపీ పంపు. గుడుంబా అనుమానం వస్తే నీకూ నాకూ టెన్షనే

7:10 – స్వరూప: పంపుతా. నల్లబెల్లం, పటిక మాత్రం నా సరుకులో కలపొద్దు, అడిగినా నేను అమ్మను

7:11 – రమేష్ సేటు: పామాయిల్ 8 డబ్బాలు, 1,840

7:12 – స్వరూప: తగ్గిందా?! పోయిన నెల 2,010 కదా. 12 చెయ్యి మరి

7:15 – రమేష్ సేటు: ఆగు. 1,840 ది 15 లీటర్ల డబ్బా. నీకు ఎప్పుడూ వచ్చేది 15 కిలోలది, అది 2,010 యే

7:16 – స్వరూప: రెండూ ఒకటే కాదా

7:19 – రమేష్ సేటు: కాదు. నూనె లీటరు 910 గ్రాములే తూగుతుంది. 15 లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములు. 1,840 ని దానితో భాగిస్తే కిలో 134 దాటుతుంది, కిలోల డబ్బాలో సరిగ్గా 134. చూడటానికి చౌక, పోసుకుంటే కాదు

7:21 – స్వరూప: మిర్చి బజ్జీల బండివాళ్ళు నా దగ్గర కిలో లెక్కనే కొలిపించుకుంటారు. కిలోలదే పంపు. 12 వద్దు, 8 చాలు

7:22 – స్వరూప: ముందే చెప్పినందుకు మంచిదన్నా. వేరేచోట ఒకసారి లీటర్ల డబ్బా కిలోలది అని అంటగట్టారు

7:24 – రమేష్ సేటు: బియ్యం 26 కిలోలదా, 25 దా?

7:24 – స్వరూప: 26. 25 ప్యాకింగ్‌కు జీఎస్టీ ఎందుకు

7:25 – రమేష్ సేటు: హెచ్ఎంటీ పాతవి 1,480, 10 బస్తాలు. పసుపు 20 కిలోలు 150, కుంకుమ 20 కిలోలు 90. కొబ్బరికాయ ఒకటి 28, బస్తాకు 100. రవిక గుడ్డలు నా దగ్గర దొరకవు

7:26 – స్వరూప: సరే. గురువారం లోపల రావాలి

7:27 – రమేష్ సేటు: ఏ గురువారం? 29 న సమ్మక్క గద్దె మీదికి వస్తుంది, ఆ రోజు నా బండి ములుగు కూడా దాటదు

7:28 – స్వరూప: ఈ గురువారం అన్నా, 22. పొద్దుగాల 6, 7 మధ్యలో దుకాణం ముందర ఆగాలి. 9 దాటితే బస్సులు, కార్లు, ట్రాక్టర్లు. దించుకునే జాగా ఉండదు

7:31 – రమేష్ సేటు: తాడ్వాయి దుకాణం సరుకు కూడా అదే డీసీఎంలో వేస్తా. కిరాయిలో నీ వాటా 2,200, ఇక్కడ ఎక్కించే హమాలీ 600. దించే హమాలీ నీది. పాత బాకీ 18,500

7:33 – స్వరూప: 16,500. సంక్రాంతి ముందు రోజు 2,000 ఫోన్‌పే చేశాను

7:33 – స్వరూప: (స్క్రీన్‌షాట్)

7:40 – రమేష్ సేటు: అవును, గుమస్తా ఖాతాలో ఎక్కించలేదు. 16,500 యే

8:05 – స్వరూప: అన్నా మొత్తం ఒక్కచోట రాస్తున్నా, జర చూసి ఓకే చెప్పు. ఇది కాకుండా పైన ఏది రాసినా లెక్కలోకి రాదు

బెల్లం 10 కిలోల దిమ్మలు: 1,200 కిలోలు × 46 = 55,200
బెల్లం 1 కిలో అచ్చులు: 200 కిలోలు × 50 = 10,000
కొబ్బరికాయలు: 700 × 28 = 19,600
పామాయిల్ 15 కిలోల డబ్బా (లీటర్లది కాదు): 8 × 2,010 = 16,080
బియ్యం హెచ్ఎంటీ పాతవి, 26 కిలోలు: 10 × 1,480 = 14,800
పసుపు: 20 కిలోలు × 150 = 3,000
కుంకుమ: 20 కిలోలు × 90 = 1,800
సరుకు 1,20,480. కిరాయి 2,200, హమాలీ 600. మొత్తం 1,23,280
జీఎస్టీ ఈ రేట్లలోనే. పైన వేసేది లేదు
రేపు అడ్వాన్స్ 50,000. మిగిలిన 73,280 దించుకుని లెక్కపెట్టుకున్నాక
పాత బాకీ 16,500 జాతర అయ్యాక, ఫిబ్రవరి 5 లోపల
22 గురువారం పొద్దుగాల 7 లోపల పస్రాలో

8:19 – రమేష్ సేటు: అన్నీ కరెక్టే. ఒక్కటి కలుపు, కొబ్బరికాయల రేటు ఇయ్యాల రేపు మాత్రమే. అడ్వాన్స్ రేపు మధ్యాహ్నం లోపల పడకపోతే 28 ఉండదు

8:20 – స్వరూప: పొద్దున్నే వేస్తా

20 జనవరి, మంగళవారం

ఉ. 9:06 – స్వరూప: 50,000 వేశాను. ఆధార్, లైసెన్స్ కాపీలు కూడా పెట్టాను

9:30 – రమేష్ సేటు: ముట్టింది. రేట్లు ఖాయం

22 జనవరి, గురువారం

ఉ. 6:48 – స్వరూప: బండి వచ్చింది

7:35 – స్వరూప: బెల్లం కాంటా మీద పెట్టి చూశాం, సరిపోయింది. డబ్బాల మీద 15 కిలోలు అనే ఉంది. కొబ్బరికాయలు 6 బస్తాలే ఉన్నాయి

7:37 – స్వరూప: (ఫోటో)

7:52 – రమేష్ సేటు: డ్రైవర్‌ను అడిగా. ఒకటి గోదాంలోనే ఉండిపోయింది, తప్పు మాదే. 2,800 తీసెయ్యి

7:54 – స్వరూప: 73,280 లో 2,800 పోతే 70,480. ఇప్పుడే వేస్తున్నా. బిల్లు మీద కూడా 6 బస్తాలని దిద్ది ఫోటో పంపు

7:58 – రమేష్ సేటు: పంపుతున్నా. ఆ బస్తా ఆదివారం తాడ్వాయి పోయే బండిలో వేస్తా, కాయ 28 కే

7:59 – స్వరూప: శనివారం రాత్రి నాకు ఒక్క మెసేజ్ పెట్టి వెయ్యన్నా. ఆదివారం జనం మస్తుంటారు, బండి ఆపడానికి మనిషిని రోడ్డు మీద నిలబెట్టాలి