అయిదో హెక్సాగ్రామ్, మారే గీతల్లేవు

అతనితో నీ బంధం ఎటు వెళ్తోందని చైనా పాత జోస్యగ్రంథం ఐ చింగ్‌ని అడిగి, నాణేలు వేసి నువ్వు పంపిన అంకెలు చూశాను. ఒక్కో అంకె ఒక గీత, ఆ ఆరు గీతల బొమ్మే హెక్సాగ్రామ్. కింది నుంచి పైకి 7, 7, 7, 8, 7, 8. ఒక్క ఆరూ లేదు, ఒక్క తొమ్మిదీ లేదు, అంటే మారే గీత ఒక్కటీ పడలేదన్నమాట. "సరిగ్గా వేయలేదేమో, మళ్లీ వేయనా" అని అడిగావు కదా, వద్దు. మూడు నాణేలతో వేస్తే ఒక్కో గీత మారకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు, ఆరు గీతలకూ కలిపి లెక్కేస్తే దాదాపు 18 శాతం వస్తుంది. ఇంచుమించు అయిదారుసార్లకు ఒకసారి పడేదే, వింతేం కాదు.

ఇలా పడితే హెక్సాగ్రామ్ మొత్తానికి ఉన్న తీర్పు వాక్యమే జవాబు. 12వ శతాబ్దంలో చైనా పండితుడు జు షీ పెట్టిన పద్ధతి ఇదే, నేనూ అదే పాటిస్తాను. గీతల కింద ఉన్న వాక్యాలు నీకు వర్తించవు. నీ సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నా, ఈపాటికి నెట్‌లో అన్నీ చదివేసి, మూడో గీతలో బురద, నాలుగో గీతలో రక్తం చూసి టెన్షన్ పడుతూ ఉంటావు. వదిలెయ్. మారే గీతలు తిరగబడితేనే దీన్నుంచి ఇంకో హెక్సాగ్రామ్ వస్తుంది, నీకు అవి లేవు కాబట్టి అదీ రాలేదు, అందుకని "చివరికి ఏమవుతుంది" అన్నదానికి ఇక్కడ ఏమీ దొరకదు. అతని మనసులో ఏముందో కూడా ఇది చెప్పదు. ఇప్పుడు మీరిద్దరూ ఎక్కడున్నారో చెబుతుంది, అది కొంతకాలం ఇలాగే ఉంటుందంటుంది, అంతే.

నీకు పడింది షూ, నిరీక్షణ. కింది మూడు గీతలు ఆకాశం, పై మూడు నీళ్లు: మబ్బులు కమ్మాయి, వాన ఇంకా పడలేదు. పెళ్లిలో పరిచయమై రెండు నెలలు, అతను బెంగళూరులో, నువ్వు హైదరాబాద్‌లో, రోజూ రాత్రి ఫోన్లు, అయినా "మనం ఏంటి" అన్న మాట ఇద్దరి నోటా రాలేదు. ఇంతకన్నా సరిగ్గా అతికే బొమ్మ ఇంకేం పడుతుంది చెప్పు.

తీర్పు చెప్పేది ఇది: నిజాయితీ ఉంటే వెలుగు, సాఫల్యం; నిలకడగా ఉంటే శుభం; మహానదిని దాటడం మేలు. చూశావా, శుభమే అంటోంది, కానీ మొదట నిజాయితీ అడుగుతోంది. అంటే, అతను మెసేజ్ చూసి కూడా రిప్లై ఇవ్వకపోతే నువ్వు కూడా కావాలని మూడు గంటలు ఆగి రిప్లై ఇస్తున్నానన్నావే, అది నిరీక్షణ కిందికి రాదమ్మా, పంతం. బాధగా ఉంటే బాధగా ఉందని చెప్పు. నది సంగతికొస్తే, నీకు అది ఇంట్లో చెప్పడమే అనుకుంటున్నాను. దాటొద్దనడం లేదు. అయితే ఈ హెక్సాగ్రామ్ మీద ఉన్న పాత వ్యాఖ్యానం ముందు ప్రమాదం ఉందనీ, బలం ఉన్నవాడు అందులో పడకుండా ఆగుతాడనీ అంటుంది. అతనితో తేలకముందే అమ్మకు చెప్పావనుకో, రెండో రోజు నుంచే వాళ్లెవరు, ఏ ఊరు, జాతకం ఉందా అని మొదలవుతుంది, మీకే తెలియని దానికి మీరు జవాబులు వెతుక్కోవాలి.

నాకు ఇందులో బాగా నచ్చేది, ఈ హెక్సాగ్రామ్‌కి "చిత్రం" అనే భాగంలో ఉన్న వాక్యం. మబ్బులు ఆకాశానికెక్కినప్పుడు ఉత్తముడు తింటాడు, తాగుతాడు, ఉల్లాసంగా ఉంటాడట. వేచి ఉండటం అంటే ఫోన్ పట్టుకుని బ్లూ టిక్కులు చూస్తూ కూర్చోవడం అనుకుంటాం మనం. ఇది మాత్రం అన్నం తిను అంటోంది. నువ్వు మానేసిన ఆదివారం బ్యాడ్మింటన్‌కి వెళ్లు, ఆ సర్టిఫికెట్ పరీక్ష ఏదో ఉందన్నావు, దానికి చదువుకో.

ఇంకొకటి. గీతలు మారనప్పుడు నేను లోపలి హెక్సాగ్రామ్ కూడా చూస్తాను, అది అందరూ చేసేది కాదు. రెండు, మూడు, నాలుగు గీతలు కింద పెట్టి, మూడు, నాలుగు, అయిదు గీతలు పైన పెడితే 38వది వచ్చింది. పైన నిప్పు, కింద సరస్సు, ఎడమొహం పెడమొహం. దాని తీర్పు చిన్న విషయాల్లో శుభం అంటుంది. ఇది వినగానే గాభరా పడకు. ఇప్పుడు పెద్ద మాటలు, మాట తీసుకోవడాలు పెట్టుకోవద్దని, చిన్న చిన్నవి కలిసి చేయమని నేను తీసుకుంటాను. దసరాకి అతను వస్తున్నాడు కదా, ఒక పూట కలిసి భోంచేయండి, ఫోన్‌లో తేలనివి కొన్ని ఎదురుగా కూర్చుంటే తేలతాయి.

అప్పటిదాకా ఇదే ప్రశ్నకు నాణేలు ముట్టుకోకు. అతను వచ్చి వెళ్లాక అడగాలనిపిస్తే "ఎటు వెళ్తోంది" అని అడగకు, "ఇంట్లో ఇప్పుడు చెబితే ఎలా ఉంటుంది" అని సూటిగా అడుగు, పడిన అంకెలు నాకు పంపు.