బెణికిందా, పట్టేసిందా, తెగిందా?

మైదానం నుంచి కుంటుకుంటూ వచ్చే పిల్లలు నాతో చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "సార్, కాలు బెణికింది." చీలమండ మెలిపడినా అదే మాట. పరుగు మధ్యలో తొడ వెనక ఎవరో కొట్టినట్టయి ఆగిపోయినా అదే మాట. మోకాలిలో టప్పుమని చప్పుడై కూలబడినా అదే మాట. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు ఆ మాట చాలదు. ఏది దెబ్బతిన్నదో తెలియకుండా చేసే సాయం ఒక్కోసారి గాయాన్ని పెంచుతుంది.

ముందు శరీరంలోని రెండు కట్ల సంగతి చూద్దాం. ఒక ఎముకను మరో ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీ పేరు లిగమెంట్. జీవశాస్త్రం పుస్తకంలో సంధిబంధనం అని చదివి ఉంటారు. కీలును కదిలించడం దాని పని కాదు, కదలకూడని వైపు కదలనివ్వకపోవడమే దాని పని. రెండోది టెండన్, అంటే స్నాయుబంధనం. ఇది కండరాన్ని ఎముకకు కలుపుతుంది. మీ మడమకు పైన వెనకవైపు వేళ్లతో పట్టుకుని చూడండి, గట్టి తాడులా తగులుతుంది. అది టెండనే.

లిగమెంట్ దెబ్బతింటే స్ప్రెయిన్, మన మాటలో బెణుకు. కండరంగానీ టెండన్‌గానీ అతిగా సాగి దెబ్బతింటే స్ట్రెయిన్. మరి లిగమెంట్ టేర్? అది మూడో రకం గాయమని చాలామంది అనుకుంటారు. కాదు, అది కూడా బెణుకే, తీవ్రత పెరిగిన బెణుకు. వైద్యులు బెణుకును మూడు స్థాయిలుగా చూస్తారు. మొదటి స్థాయిలో పోగులు సాగి, సన్నగా చిట్లుతాయి. రెండో స్థాయిలో లిగమెంట్ కొంతమేర తెగుతుంది. మూడో స్థాయిలో పూర్తిగా తెగిపోతుంది. అందుకే "బెణుకే కదా" అని ఎవరైనా తేలిగ్గా అంటే, ఏ స్థాయి బెణుకు అని అడగాలనిపిస్తుంది నాకు.

ఆటల్లో ఎక్కువగా బెణికేది చీలమండ. గెంతి దిగేటప్పుడు పాదం లోపలికి మడతపడి, బయటివైపు లిగమెంట్లు సాగిపోతాయి. వాపు, నొప్పి, ఒకటి రెండు రోజుల్లో నీలిమచ్చ. ఇక్కడ మీ వయసువారికి ప్రత్యేకంగా వర్తించే విషయం ఒకటుంది. పెరిగే పిల్లల ఎముకల కొనల దగ్గర పెరుగుదల ఫలకాలు ఉంటాయి. అవి ఇంకా గట్టిపడని మృదులాస్థి. చాలాసార్లు పక్కనున్న లిగమెంట్ కన్నా ఆ ఫలకమే బలహీనం. పెద్దవాళ్లకు లిగమెంట్ సాగే దెబ్బకే పిల్లలకు ఫలకం దగ్గర ఎముక విరగవచ్చు, పైకి మాత్రం మామూలు బెణుకులానే కనిపిస్తుంది. కాబట్టి దెబ్బ తగిలాక నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకు రెండువైపులా పొడుచుకొచ్చినట్టుండే ఎముకల మీద నొక్కితే నొప్పి పుట్టినా, ఆ రోజే వైద్యుడికి చూపించాలి. ఆ పరీక్షను మైదానంలో మీ అంతట మీరు పదేపదే చేసి చూడవద్దు.

ఇక స్ట్రెయిన్. వేగంగా పరుగెత్తేవారికి తొడ వెనక కండరం, బంతిని బలంగా తన్నేవారికి తొడ ముందు కండరం లేదా గజ్జల దగ్గరి కండరం, ఉన్నట్టుండి దూకేవారికి పిక్క. తంటా ఏమిటంటే "పట్టేసింది" అన్న మాటను మనం రెండింటికీ వాడతాం. అలసిన కండరం ముడిచుకుపోయి బిగుసుకున్నా పట్టేసిందంటాం, కండరపు పోగులు తెగినా పట్టేసిందంటాం. మొదటిదైతే మెల్లగా సాగదీస్తే కాసేపట్లో వదులుతుంది. రెండోదాన్ని సాగదీస్తే తెగిన పోగులు ఇంకా తెగుతాయి. పెద్ద పోటీల్లోనూ ఈ తికమక తప్పలేదు. 2017లో లండన్ ప్రపంచ అథ్లెటిక్స్ రిలేలో చివరి అంచె పరుగెత్తుతూ ఉసేన్ బోల్ట్ కూలబడినప్పుడు కండరం బిగుసుకుపోయిందని మొదట ప్రకటించారు. తొడ వెనక కండరానికి నిజంగానే గాయమైందని కొద్దిరోజుల తర్వాత తెలిసింది. అనుమానంగా ఉంటే సాగదీయకండి, అంతే.

మోకాలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దాని లోపల ఒకదానికొకటి అడ్డంగా వెళ్లే రెండు లిగమెంట్లు ఉంటాయి. ముందున్న దాన్ని ఆటగాళ్లు ఏసీఎల్ అంటారు. ఎవరో వచ్చి గుద్దితేనే అది తెగుతుందనుకుంటారు. ఎక్కువసార్లు ఎవరూ తాకకుండానే తెగుతుంది: పాదం నేలకు ఆనించి ఒంటిని గిరుక్కున తిప్పినప్పుడు, గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలినప్పుడు. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిలకు ఈ ప్రమాదం ఎక్కువ. లోపల టప్పుమని తెగినట్టనిపించడం, కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బడం, నిలబడితే మోకాలు జారిపోయినట్టుండటం దీని గుర్తులు. మొదటి నొప్పి తగ్గాక కొందరు లేచి నడుస్తారు కూడా. నడిచారు కాబట్టి ఏమీ కాలేదనుకుని మళ్లీ ఆటలోకి దిగడం నేను చూసిన పొరపాట్లలో అన్నిటికన్నా చెడ్డది. వదులైన మోకాలిలో మృదులాస్థి కూడా నలుగుతుంది.

ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి, లిగమెంట్ కనిపించదు. "ఎక్స్‌రే బాగుంది" అంటే ఎముక విరగలేదని మాత్రమే అర్థం. లిగమెంట్ సంగతి వైద్యుడు చేత్తో పరీక్షించి, అవసరమైతే ఎమ్మారై తీయించి తేలుస్తారు. కండరానికి రక్తం బాగా అందుతుంది కాబట్టి త్వరగా కోలుకుంటుంది. లిగమెంట్‌కు అందేది తక్కువ. పూర్తిగా తెగిన ఏసీఎల్ తనంతట తాను సరిగ్గా అతుక్కోవడం అరుదు. శస్త్రచికిత్స చేయించుకున్నా తిరిగి మైదానంలోకి రావడానికి సాధారణంగా తొమ్మిది నెలలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

దెబ్బ తగిలిన వెంటనే ఏం చేయాలి? ఆట ఆపండి. "ఈ ఒక్క ఓవరే" అనే బేరాలు నా దగ్గర కుదరవు. కాలిని గుండె కన్నా ఎత్తులో ఉంచి, సాగే పట్టీని మరీ బిగించకుండా చుట్టండి. మంచును గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. మంచు వల్ల గాయం త్వరగా మానుతుందని మాత్రం చెప్పలేం. 1978లో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తానే తర్వాత ఆ మాట మార్చుకున్నారు. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, మర్దన, "లాగి సరిచేయడం" వద్దు. ముఖ్యంగా ఆ లాగడం. కీలు వంకరగా కనిపిస్తున్నా, పాదం తిమ్మిరెక్కినా, చల్లబడినా కదిలించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

నెలల తరబడి కదలకుండా పడుకోవాలని కూడా కాదు. చిన్న బెణుకైతే నొప్పి అనుమతించినంత మేర కొద్ది రోజుల్లోనే మెల్లగా నడవడం మేలు చేస్తుంది. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణకడానికి కారణం ఉంది: లిగమెంట్‌లో కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలిపే నాడుల కొనలుంటాయి, అవి కూడా దెబ్బతింటాయి. నొప్పి పోయినా ఆ కబురు సరిగ్గా అందదు. దాన్ని తిరిగి నేర్పాలి. గోడ పక్కన ఒంటికాలిపై అర నిమిషం నిలబడండి, తర్వాత కళ్లు మూసుకుని నిలబడండి. రెండు కాళ్లతోనూ చేసి పోల్చండి. గాయపడిన కాలు బాగున్న కాలితో సమానంగా నిలబడి, గెంతి, మలుపు తిరిగి పరుగెత్తగలిగిన రోజున నా దగ్గరికి రండి, జట్టులో పేరు రాసుకుంటాను.