వలిసె పూల తేనె

ముందు లేబుల్

అరకు లోయ వలిసె పూల సేంద్రియ తేనె: వేడి చేయనిది, బట్టతో వడకట్టినది.
నికర బరువు 250 గ్రాములు

వెనుక లేబుల్

నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు కొండవాలులు వలిసె పూలతో పసుపుపచ్చగా మారినప్పుడు, రసాయన ఎరువులూ పురుగుమందులూ వాడని చేల గట్లపై మా తేనెటీగల పెట్టెలను ఉంచుతాము. ఈగలు మైనంతో మూసిన అరల నుంచి మాత్రమే తేనె తీసి, వాటి ఆహారానికి సరిపడా పట్టులోనే వదిలి, మిగిలినదానిని చిన్న విడతలుగా సీసాలకు ఎత్తుతాము. అందువల్ల ఒక విడత రంగు మరొక విడతకు రాకపోవచ్చు.

చలికాలంలో ఈ తేనె త్వరగా పేరుకుంటుంది. ఇలా పేరుకుంటే చక్కెర కలిపినట్లా అని వారాంతపు సంతలో మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. అది చక్కెర కలిపిన గుర్తు కాదు; సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచితే మళ్లీ కరుగుతుంది. ఖాళీ సీసా తిరిగి తెచ్చిన వారికి ధరలో 10 రూపాయలు తగ్గిస్తాము.

ఏడాది నిండని పసిపిల్లలకు తేనె పెట్టరాదు.