పిన్నీ, ఆ జర్మన్ క్రీమ్ డబ్బా మీద రాసింది ఇదీ

ఫోటో అందింది పిన్నీ. పేరు "రెటినాల్ నైట్ క్రీమ్, 0.3%". అంటే రాత్రిపూట రాసుకునేది. వరసగా చెబుతా.

వాడే విధానం: "రాత్రి ముఖం కడుక్కుని, తడి ఆరాక, బఠానీ గింజంత రాసుకోండి. మొదట్లో వారానికి రెండుసార్లు చాలు. పగలు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ తప్పనిసరి." రెటినాల్ వాడుతూ మన రాజమండ్రి ఎండలో ఉత్త ముఖంతో తిరిగితే చర్మం మండుతుంది, ఆ చివరి మాట వదిలేయకు.

జాగ్రత్తలు: "కళ్లలో పడనివ్వకండి. పగిలిన చర్మం మీద రాయకండి. మంట ఎక్కువైతే ఆపేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. 25 డిగ్రీలు దాటని చోట ఉంచండి. విటమిన్ ఎ ఉంది; రోజూ మీ ఒంట్లోకి చేరే మోతాదు చూసుకుని వాడండి." ఈ చివరి వాక్యం యూరప్‌లో కొత్తగా పెట్టిన నిబంధన. నువ్వు విటమిన్ బిళ్లలేమైనా వేసుకుంటుంటే అందులో ఎ ఎంతుందో చూడు. స్వాతికి నాలుగో నెల కదా, దాన్ని మాత్రం ఇది అస్సలు ముట్టుకోనివ్వకు.

దినుసులు: నీళ్లు, గ్లిజరిన్, కాప్రిలిక్ ట్రైగ్లిజరైడ్ (ఎక్కువగా కొబ్బరి నూనె నుంచే తీస్తారు), సీటెరిల్ ఆల్కహాల్, షియా బటర్, నియాసినమైడ్, రెటినాల్, ఫినాక్సీఇథనాల్, పర్ఫమ్, లిమోనీన్, లినలూల్. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. ఒక శాతం లోపువి మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఆల్కహాల్ అని చూసి కంగారుపడకు, అది మైనంలాంటిది, చర్మాన్ని ఎండబెట్టదు. ఫినాక్సీఇథనాల్ పాడవకుండా ఉంచడానికి. నాకు టెన్షన్ అంతా ఆఖరి మూడింటితోనే. అవి సువాసనకి వేసినవి. మొన్న సెంటు పడక నీకు మెడ మీద దద్దుర్లు లేచాయి కదా! ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి రెండు రోజులు చూడు, ముఖానికి తర్వాత.

గుర్తులు: మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంది చూడు, అది తెరిచిన రోజు నుంచి పన్నెండు నెలలు అని. నువ్వడిగిన ఎక్స్‌పైరీ తేదీ వేరే లేదు. మూత తీయకుండా ముప్పై నెలలకు మించి నిలవుండే సరుకుకి అక్కడ తేదీ వేయనక్కర్లేదు. తేదీ వేస్తే దాని ముందు ఇసుక గడియారం బొమ్మో, ఫలానా తేదీలోగా వాడమన్న మాటో ఉంటుంది. అందుకే తెరిచిన తేదీ మార్కర్‌తో అడుగున రాసిపెట్టుకో. పుస్తకం మీద చెయ్యి ఉన్న బొమ్మంటే లోపల కాగితం ఉంది, చదవమని. 50 మి.లీ. పక్కనున్న చిన్న "ఇ" పరిమాణానికి సంబంధించింది. ఇక రెండు బాణాలు చుట్టుకున్న పచ్చ గుండ్రం మన శాకాహారం చుక్క కాదు, ప్యాకింగ్ చెత్త ఏరే పథకానికి కంపెనీ డబ్బు కట్టిందని.

ఎల్‌తో మొదలయ్యే నంబరు బ్యాచ్‌ది. దాని కింద ఇంకో గీత ఉంది, ఫ్లాష్ పడి మెరిసిపోయింది. ఫ్లాష్ ఆపి, కిటికీ దగ్గర ఇంకో ఫోటో తీసి పంపు. అది చదివి చెప్పేదాకా సీలు తీయకు.