నాన్న అరవయ్యో పుట్టినరోజుకి తమ్ముడు రాసింది, అందులో నేను ఉంచింది

ఒరేయ్ చిన్నోడా,

నాన్నకి పంపుదామని నువ్వు రాసింది రాత్రే చదివాను. ఇంత పొడుగు ఉండొచ్చా, సగానికి తగ్గించవా అని అడిగావు కదా. సగానికి కాదు, ఇంకా బాగా తగ్గించాను. ఏది ఎందుకు తీశానో నీకు తెలియాలి, ఎందుకంటే కింద పేరు నీది. ముందు నువ్వు రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నా, పక్కన పెట్టుకుని చూడు.

"పూజ్యులైన నాన్నగారికి మీ కుమారుడు నమస్కరించి వ్రాయునది. మీ అరవయ్యో పుట్టినరోజు సందర్భంగా హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు. ఆ కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి, బెజవాడ కనకదుర్గమ్మ ఆశీస్సులతో మీరు ఆయురారోగ్య అష్టైశ్వర్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని కోరుకుంటున్నాను. నాన్న అంటే ఒక నమ్మకం. నాన్న అంటే ఒక ధైర్యం. నాన్న అంటే మనం గెలిస్తే వెనకాల నిలబడి చప్పట్లు కొట్టే మనిషి. మీరు పుట్టింది 1966లో, అంటే పరాభవ నామ సంవత్సరం. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై సంవత్సరాల చక్రం పూర్తయి ఇప్పుడు మళ్ళీ పరాభవ వచ్చింది, అందుకే షష్టిపూర్తికి మన సంప్రదాయంలో అంత ప్రాముఖ్యం. ఇలాంటి రోజున నేను మీ పక్కన లేకపోవడం చాలా బాధగా ఉంది. ఆఫీసులో పెద్ద రిలీజ్ ఉంది, పోయిన నెలలోనే సెలవు అడిగాను, మా మేనేజర్ ముందు సరేనని తర్వాత కుదరదన్నాడు, నా బదులు చూసే అమ్మాయి కూడా సెలవులో ఉంది. పోయిన దసరాకి కూడా ఇలాగే అయింది. మీరు ఏమీ అనరు కానీ మీకు బాధగానే ఉంటుందని నాకు తెలుసు. చవితికి మాత్రం వస్తున్నాం, టికెట్లు కూడా తీశాను. నా బీటెక్ ఫీజు కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టారని నాకు ఎప్పుడో తెలుసు. నేను అడగలేదు, మీరు చెప్పలేదు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. చిన్నప్పుడు మీరు యార్డు నుంచి రాగానే నేను గేటు దగ్గరికి పరిగెత్తేవాణ్ణి, మీరు చేతులు వెనక్కి పెట్టుకుని 'ఆగరా, ఘాటు' అనేవారు, కుళాయి దగ్గర సబ్బుతో రుద్దుకుని స్నానం చేశాక గానీ నన్ను ఎత్తుకునేవారు కాదు, అప్పట్లో నాకు కోపం వచ్చేది, ఇప్పుడు మావాడు కాళ్ళకి చుట్టుకుంటే నేను బ్యాగు కూడా దించకుండా ఎత్తేసుకుంటాను, మీరు రోజూ అంతసేపు ఎలా ఆగారో అనిపిస్తుంది. ఇక మీరు ఆ కొట్లో పని మానేసి అమ్మని తీసుకుని హైదరాబాద్ వచ్చేయండి. బీపీ మాత్రలు వేళకి వేసుకోండి. సిగరెట్లు తగ్గించండి, ఆ దుమ్ములో పనిచేస్తూ పైన సిగరెట్లు కూడానా. ఎప్పుడూ నోటితో చెప్పలేదు కానీ ఐ లవ్ యూ నాన్నగారు. మెసేజ్ పొడుగైంది, తప్పులుంటే మన్నించండి. మరొక్కసారి జన్మదిన శుభాకాంక్షలతో, మీ కుమారుడు."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చదువుతుంటే నీ మనసు కనిపిస్తోంది. కానీ నాన్న దీన్ని ఎక్కడ చదువుతాడో ఆలోచించు. మంగళవారం పొద్దున మిర్చి యార్డులో కొట్లో ఉంటాడు. ఇప్పుడు వచ్చేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకే కాబట్టి సీజన్లో ఉన్నంత రద్దీ ఉండదు, అయినా పట్టీలు రాస్తూనో, హమాలీలు టిక్కీలు దించుతుంటే లెక్క చూస్తూనో ఉంటాడు. కళ్ళజోడు పైకి జరిపి, ఫోను చేతికి దూరంగా పట్టుకుని చూస్తాడు. వాట్సాప్‌లో ఇంత పొడుగుది మొత్తం ఒకేసారి కనపడదు, మిగతాది చదవాలంటే కింద నీలం అక్షరాలు నొక్కాలి. ఆ పైన మొదట కనపడే లైన్లలో నువ్వు లేవు. "పూజ్యులైన", "అష్టైశ్వర్యాలు" ఉన్నాయి. అవి ఆ రోజు కొట్టు ఓనరు దగ్గర్నుంచి మన మేనమామల దాకా అందరూ పంపుతారు. కాబట్టి మొదట పోయింది అదే.

"మీరు" కూడా తీసేశాను. పుట్టి బుద్ధెరిగాక నాన్నని నువ్వు "మీరు" అన్నది నేను వినలేదు. రోజూ ఫోన్లో "ఏం చేస్తున్నావ్ నాన్నా" అనేవాడివి పుట్టినరోజు నాడు "నాన్నగారు" అంటే ఆయనకి ఎవరో రాసిచ్చినట్టు ఉంటుంది.

"నాన్న అంటే" అని మొదలయ్యే మూడు వాక్యాలూ పోయాయి. నువ్వే రాసుకున్నా సరే, అవి ఎవరి నాన్నకైనా సరిపోతాయి. పరాభవ సంగతి చదివి ముచ్చటేసింది, నువ్వు అంత చూసి రాశావని. కానీ పంచాంగం చూసి మనిద్దరికీ ముహూర్తాలు పెట్టింది ఆయనే. ఆ ముక్క దాచిపెట్టు, తిథి ప్రకారం పూజ చేయించే రోజున నువ్వే పిల్లలకి చెప్పు.

మేనేజరు, రిలీజు, సెలవులో ఉన్న అమ్మాయి, వీళ్ళెవరూ నాన్న పుట్టినరోజుకి రానక్కర్లేదు. నువ్వు రాలేవని ఆయనకి ముందే చెప్పావు. మళ్ళీ ఇంత వివరంగా చెబితే "పర్లేదులేరా, పని చూసుకో" అని తిరిగి నిన్నే ఓదార్చాల్సి వస్తుంది. ఆ రోజు ఆయనకి ఆ పని పెట్టొద్దు. రాలేకపోతున్నానని ఒక్క మాట ఉంచాను. నువ్వు మధ్యలో ఎక్కడో ఇరికించిన చవితి టికెట్లని దాని పక్కకి తెచ్చాను. ఆయన రెండుసార్లు చదివేది ఆ వాక్యమే.

గొలుసు సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. తీయాలంటే మనసొప్పలేదు. కానీ నాన్న సాయంత్రం ఇంటికొచ్చి ఫోను అమ్మకిచ్చి పైకి చదవమంటాడు, ఆయనకి అది అలవాటు. ఆ గొలుసు విడిపించిన రోజున అమ్మ నాతో "వాడికి తెలియనివ్వకు" అంది. నీకు తెలుసన్న సంగతి ఆవిడ అలా, పక్కన నేనూ పిల్లలూ ఉండగా, ఫోన్లో చదివి తెలుసుకోకూడదు. చవితికి వచ్చినప్పుడు వంటింట్లో అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు నువ్వే చెప్పు. ఇంకో మాట. నాన్న జీవితమంతా రైతులకి రావాల్సింది, కొట్టుకి రావాల్సింది లెక్క రాశాడు. మన చదువుల్ని ఏనాడూ ఆ లెక్కలో రాయలేదు. "రుణం" అన్న మాట ఆయనకి నచ్చదు.

పని మానేయమన్నది, మాత్రలు, సిగరెట్లు, ఇవి నేనూ రోజూ చెప్పేవే. అవసరమే. కానీ అరవై వచ్చింది కదా ఇక చాలంటారేమో అని ఆయన ఇప్పటికే లోపల్లోపల మథనపడుతున్నాడు, అమ్మ చెప్పింది. ఆ రోజు పొద్దున్నే కొడుకు కూడా అదే మాట అంటే గుచ్చుకుంటుంది. దుమ్ము గురించి నువ్వన్నది నిజం. దాని గురించి డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను.

"ఐ లవ్ యూ" కూడా తీసేశాను, కోపం తెచ్చుకోకు. దాని పైన గేటు దగ్గర సంగతి రాశావు కదా, ఆ మాట అక్కడే చెప్పేశావు.

ఆ గేటు వాక్యమే ఈ మొత్తానికీ ప్రాణం. దాన్ని నువ్వు కామాలు పెట్టుకుంటూ ఊపిరాడకుండా రాసేశావు. విడగొట్టాను, అంతే, మాటలు నీవే. "అప్పట్లో నాకు కోపం వచ్చేది" తీశాను, గేటు దగ్గర నిలబడ్డ పిల్లాడికి కోపం వచ్చిందని చెప్పనక్కర్లేదు. ఒక్కటి మాత్రం నేను కలిపాను. నువ్వు సబ్బు అని రాశావు, సబ్బు తర్వాత. మిర్చి కారం ఉత్త నీళ్ళకి పోదు, నూనెకి వదులుతుంది. అందుకని అమ్మ కుళాయి పక్కన పిట్టగోడ మీద కొబ్బరినూనె సీసా పెట్టి ఉంచేది. నాన్న ముందు మోచేతుల దాకా నూనె రాసుకునేవాడు, గోళ్ళ సందుల్లో కూడా, తర్వాతే సబ్బు. ఆ చొక్కాని అమ్మ మన బట్టల్లో కలపకుండా వేరే బకెట్లో వేసేది. నీకు ఆ సీసా గుర్తుంటేనే ఉంచు. గుర్తులేకపోతే తీసెయ్, నా జ్ఞాపకం నీ నోటితో చెప్పించకూడదు.

ఇదీ మిగిలింది:

"నాన్నా, పుట్టినరోజు శుభాకాంక్షలు.

చిన్నప్పుడు నువ్వు యార్డు నుంచి రాగానే నేను గేటు దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. చేతులు వెనక్కి పెట్టుకుని 'ఆగరా, ఘాటు' అనేవాడివి. పిట్టగోడ మీది కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో రుద్దుకుని, స్నానం చేశాక గానీ నన్ను ఎత్తుకునేవాడివి కాదు. ఇప్పుడు మావాడు వచ్చి కాళ్ళకి చుట్టుకుంటే బ్యాగు కూడా దించకుండా ఎత్తేసుకుంటాను. నువ్వు రోజూ అంతసేపు ఎలా ఆగావు నాన్నా?

ఇవాళ రాలేకపోయాను. చవితికి ముగ్గురం వస్తున్నాం, టికెట్లు తీశాను.

చిన్నోడు"

చివర్లో "మీ కుమారుడు" తీసి "చిన్నోడు" అని పెట్టాను, ఆయన ఫోన్లో నీ నంబరు ఉన్నది కూడా ఆ పేరుతోనే. "మీ ఆశీస్సులు కావాలి" లాంటిది ఏదైనా కలుపుదామా అని చూశాను, వద్దనిపించింది. ప్రశ్న మాత్రం తీయకు. నాన్న మెసేజ్‌లకి బొటనవేలు గుర్తు పెట్టి వదిలేసే మనిషి, ఆ ప్రశ్నకి ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది ఆయనకి.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు, నేరుగా ఆయన నంబరుకే పంపు. ఎనిమిదింటికల్లా కొట్టుకి బయల్దేరతాడు కాబట్టి ఏడింటికి కాఫీ తాగే టైములో పంపితే నింపాదిగా చదువుతాడు. నేను విజయవాడలో పొద్దున బస్సెక్కి గుంటూరు చేరతాను, కేకు సంగతి నేనే చూసుకుంటా. సాయంత్రం ఆరున్నర దాటాక వీడియో కాల్ చెయ్యి, అప్పటికి నాన్న స్నానం కూడా అయిపోతుంది. మీవాణ్ణి నిద్రపుచ్చేయకుండా మెలకువగా ఉంచండి.

అక్క