రోడ్డు గుంతలను కెమెరాతో గుర్తించే ఆరు నెలల ప్రయోగానికి ప్రతిపాదన

కావలి,
06-07-2026

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,
పురపాలక సంఘ కార్యాలయం, కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

విషయం: చెత్త సేకరణ ఆటోలకు ఫోన్ కెమెరాలు అమర్చి, గుంతల జాబితాను వారం వారం తయారు చేసేందుకు అనుమతి, నిధుల మంజూరు గురించి.

అయ్యా,

మన జిల్లాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. తారులో వెంట్రుకంత పగులున్నా చాలు, నీళ్లు కిందికి దిగి కంకరను వదులు చేస్తాయి. పైనుంచి లారీ చక్రం పడ్డ ప్రతిసారీ ఆ కంకర కదులుతుంది. పళ్లెమంత గుంత పది రోజుల్లో చేటంత అవుతుంది. పళ్లెమంత ఉన్నప్పుడు పూడిస్తే ఒక తట్ట మిశ్రమంతో పోతుంది. చేటంత అయ్యాక అంచులు చదరంగా కోసి, అడుగు తీసి, కొత్త కంకర వేసి దిమ్మిస చేయాలి. అందుకే గుంత చిన్నగా ఉన్నప్పుడే కంటపడాలి. పట్టణంలోని ప్రతి వీధినీ వారానికోసారి ఏఈ గారు నడిచి చూడడం జరిగే పని కాదు. చెత్త ఆటో మాత్రం రోజూ ప్రతి వీధికీ వెళుతుంది. ఈ ప్రతిపాదనకు మూలం అదే.

మేం ముగ్గురం. నేను సివిల్ ఇంజినీరింగ్ బోధిస్తాను. మిగతా ఇద్దరు కావలి వాళ్లే, సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. మా శ్రమకు జీతం అడగడం లేదు.

పని జరిగే తీరు

నాలుగు ఆటోల ముందు అద్దానికి ఫోన్ బిగిస్తాం. ఆటో ఇంటింటికీ ఆగుతుంది కాబట్టి సెకన్ల లెక్కన కాకుండా, ప్రతి 5 మీటర్లకు ఒక ఫొటో తీసేలా పెడతాం. ఫోన్‌లోని ప్రోగ్రాం ఫొటోను అక్కడికక్కడే పరిశీలించి, గుంత ఉంటేనే ఉంచుతుంది. ఇందుకు ముడిసరుకు సిద్ధంగానే ఉంది. ఆరు దేశాల రోడ్ల ఫొటోలు 47,420 ఉన్న RDD2022 అనే ఉచిత సంకలనంలో మన దేశం రోడ్లు కూడా ఉన్నాయి. అందులో గుంతకు D40 అని గుర్తు. అయితే దాన్ని ఉన్నదున్నట్టు నమ్మలేం. కావలి వీధుల ఫొటోలు చూపించి మళ్లీ నేర్పాలి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒక ఉదయం సొంత కారుకు ఫోన్ కట్టి నాలుగు కిలోమీటర్లు తిరిగాం. ప్రోగ్రాం 31 గుంతలు చూపించింది. కాలినడకన వెళ్లి చూస్తే వాటిలో 9 గుంతలు కావు. మూడు మ్యాన్‌హోల్ మూతలు, నాలుగు వేపచెట్టు నీడలు, రెండు ఆరీఆరని పేడ మరకలు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం: వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో కనీసం రెండుసార్లు కనిపించిందే జాబితాకెక్కుతుంది. నీడ జరుగుతుంది, మరక పోతుంది, గుంత ఉంటుంది. మ్యాన్‌హోల్ మూతలను ఒక్కసారి గుర్తించి పక్కన పెడితే సరిపోతుంది.

కెమెరాకు లోతు తెలియదు. నీళ్లు నిండిన గుంత అడుగున బెత్తెడు లోతుందో మూరెడు లోతుందో ఏ ఫొటో చెప్పలేదు. అలాంటివి ‘నీరు నిలిచిన చోటు’ అని విడిగా వస్తాయి. వార్డు ఎమినిటీస్ కార్యదర్శి వెళ్లి కర్ర పెట్టి కొలవాల్సిందే. ఏది ముందు పూడ్చాలో నిర్ణయం ఏఈ గారిదే. ప్రోగ్రాం జాబితా ఇస్తుంది, అంతవరకే.

ప్రతి సోమవారం ఉదయం వార్డులవారీ జాబితా ఏఈ గారి బల్ల మీద ఉంటుంది. ఆర్ అండ్ బీ, జాతీయ రహదారి పరిధిలోని గుంతలను విడదీసి, ఆయా కార్యాలయాలకు పంపేలా ఇస్తాం. పైపులైను కోసం తవ్వి సరిగా పూడ్చని కోతలకు మరో గడి ఉంటుంది, ఎందుకంటే వాటి ఖర్చు తవ్వినవాళ్లు భరించాలి. ప్యాచ్ వేసిన తర్వాత అదే ఆటో అటు వెళ్లినప్పుడు ఆ చోటు ఫొటో మళ్లీ వస్తుంది. ఎం-బుక్‌లో రాసిన పనికి అది తోడు సాక్ష్యం. నెల తిరక్కుండానే లేచిపోయిన ప్యాచ్ కూడా దాచినా దాగదు.

గోప్యత

ఈ భాగం మీద మాకు ఎక్కువ పట్టింపు ఉంది. ఆటో వీధిలోకి వచ్చేది తెల్లవారి ఆరింటికి. ఆ వేళకు ఆడవాళ్లు వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేస్తుంటారు. కుళాయి దగ్గర కొందరు స్నానం చేస్తుంటారు, పిల్లలు అరుగుల మీద నిద్రకళ్లతో కూర్చుని ఉంటారు. వాళ్ల ముందుకు మున్సిపాలిటీ కెమెరా వెళుతోంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. చట్టం ఉన్నా లేకున్నా ఆ వాకిళ్ల మర్యాద కాపాడాలి.

కాబట్టి కెమెరాను నేలకు వంచి బిగిస్తాం, ఆటో ముందున్న రోడ్డు తప్ప అరుగులు ఫ్రేములోకి రావు. మాటలు రికార్డు కావు. పొరపాటున మనిషి ముఖమో బండి నంబరో పడితే, ఫోన్ దాటకముందే మసకబారుతుంది. గుంత లేని ఫొటో ఆ క్షణమే చెరిగిపోతుంది. గుంత ఉన్న ఫొటో 30 రోజులు ఉంటుంది. ప్యాచ్ వేశాక తీసినదానికీ అదే గడువు, ఏఈ గారు ఆలోపు ఎం-బుక్‌తో సరిచూసుకోవాలి. ఆ తర్వాత మిగిలేది ఇంతే:

```
id: KVL-0417
date: 2026-09-14
lat: 14.9163
lon: 79.9928
class: D40
width_cm: 45
```

ఇందులో ఏ మనిషి ఆనవాలూ లేదు. ఈ సమాచారాన్ని చలాన్లకు, ఆక్రమణల గుర్తింపునకు, పన్ను సర్వేకు వాడకూడదు. ఆటో డ్రైవర్ల హాజరు, వేగం లెక్కకూ వాడకూడదు. ఈ మాట డ్రైవర్లకు రాతపూర్వకంగా ఇవ్వాలని మా విన్నపం, లేకపోతే ఫోన్ తమ మీద నిఘా అనుకుంటారు. పోలీసులు అడిగినా చట్టబద్ధమైన రాతపూర్వక ఉత్తర్వు ఉంటేనే ఇవ్వాలి. ఈ షరతులు కౌన్సిల్ తీర్మానంలోనే ఉండాలి, మా మాట మీద వదిలేయవద్దు. కెమెరా ఉన్న ఆటో మీద, వార్డు సచివాలయం గోడ మీద తెలుగులో బోర్డు పెడతాం. అభ్యంతరం ఉన్నవారు సచివాలయంలో చెబితే ఏడు రోజుల్లో జవాబివ్వాలి.

ఖర్చు

ఆగస్టు నుంచి జనవరి వరకు, ఆరు నెలలకు:

- ఫోన్లు 5 (ఒకటి అదనం), ఒక్కోటి రూ.14,000: రూ.70,000
- వాన తగలని తొడుగు, స్టాండు, ఛార్జరు 5 జతలు: రూ.10,000
- సిమ్ డేటా, నాలుగు ఫోన్లకు: రూ.7,200
- గ్రాఫిక్స్ కార్డుతో కంప్యూటరు ఒకటి: రూ.1,10,000
- ఫొటోల్లో గుంతలు గుర్తించే ఇద్దరు విద్యార్థులకు నెలకు రూ.8,000 చొప్పున: రూ.96,000
- నలుగురు డ్రైవర్లకు నెలకు రూ.500 చొప్పున: రూ.12,000
- బయటి నిపుణుడితో గోప్యత తనిఖీ: రూ.25,000
- బోర్డులు, కరపత్రాలు: రూ.15,000
- అనుకోని ఖర్చులు: రూ.16,800

మొత్తం రూ.3,62,000. ఫోన్లు, కంప్యూటరు పురపాలక సంఘం ఆస్తిగా ఉంటాయి. తనిఖీ ఖర్చు తగ్గించమని సలహా వస్తే దయచేసి ఒప్పుకోవద్దు. మేం పెట్టిన తాళాన్ని మేమే సరిచూసుకుంటే అది తనిఖీ కాదు.

గుంతలు పూడ్చే ఖర్చు ఇందులో లేదు. దానికి మీ మరమ్మతుల పద్దులో వేరుగా సొమ్ము కేటాయిస్తేనే ఈ ప్రయోగం మొదలుపెట్టమని కోరుతున్నాం. జాబితా పెరిగి గుంతలు అలాగే ఉంటే జనానికి ఒరిగేదేమీ ఉండదు. మొదటి మూడు నెలలు ముగిసేసరికి జాబితాలో పదింట తొమ్మిది నిజమైన గుంతలు కాకపోతే, లేదా జాబితాకెక్కిన వాటిలో సగమైనా పూడకపోతే, ప్రయోగం ఆపేద్దాం. మిగిలిన సొమ్ము తిరిగి జమ చేస్తాం.

ఈ నెల కౌన్సిల్ సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చాలనీ, అంతకుముందు ఒక రోజు ఉదయం ఒక ఆటో కేటాయిస్తే డీఈ, ఏఈ గార్ల సమక్షంలో పనితీరు చూపిస్తామనీ మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు, కావలి
(ముగ్గురు సభ్యుల బృందం తరఫున)

ప్రతులు: మున్సిపల్ ఛైర్‌పర్సన్ గారికి, డీఈ గారికి.